క్యాబా, బస్సా, మెట్రోనా: ఏ యాప్ చెప్పే ఏ నిమిషాన్ని నమ్మాలి?

రైలు 7:30కి. చేతిలో ఒక్క బ్యాగు, 7:15కల్లా ప్లాట్‌ఫామ్ మీద ఉంటే చాలు. ఇంటి నుంచి రైల్వే స్టేషన్ 14 కిలోమీటర్లు, ఇప్పుడు టైమ్ సాయంత్రం 6:05. మ్యాప్ యాప్ తెరిస్తే కారులో 38 నిమిషాలు, మెట్రోలో 46, బస్సులో 52 అని మూడు అంకెలు కనపడ్డాయి. ఇలాంటప్పుడు చాలామంది చేసే పనే నేనూ చాలాకాలం చేశాను, 38 చిన్నది కదా, క్యాబ్ బుక్ చేసేద్దాం అని. అలా ఒకసారి రైలు తప్పాక, ఆ మూడు అంకెల్లో ఏమేం కలిపారో ఏమేం వదిలేశారో విడదీసి చూడటం మొదలుపెట్టాను. తేలిందేమిటంటే ఆ మూడూ ఒకే పనిని కొలవడం లేదు.

కారుకి చూపే 38 నిమిషాలు మీరు కారులో కూర్చుని, అది కదిలిన క్షణం నుంచి లెక్క. క్యాబ్ దొరకడం, అది మీ దగ్గరికి రావడం అందులో లేవు. బస్సుకి చూపే 52లో మీరు స్టాప్‌కి వెళ్లేసరికి టైమ్ టేబుల్ ప్రకారం బస్సు వచ్చి నిలబడి ఉంటుందన్న నమ్మకం ఉంది. మెట్రో 46లో స్టేషన్ గేటు నుంచి ప్లాట్‌ఫామ్ దాకా దిగడానికి పట్టే టైమ్ చాలాచోట్ల ఉండదు. మూడూ కరెక్టే, కానీ మూడూ వేర్వేరు చోట్ల మొదలవుతున్నాయి. కాబట్టి వాటిని పక్కపక్కన పెట్టి పోల్చితే తప్పు జవాబే వస్తుంది.

## పోల్చే ముందు ఏం చూడాలి

మొదటిది, గుమ్మం దాటిన దగ్గర్నుంచి చేరాల్సిన చోట నిలబడే దాకా మొత్తం టైమ్. నడక, ఎదురుచూపు, ప్రయాణం, లైన్ మారడం, దిగాక మళ్లీ నడక, ఇవన్నీ విడివిడిగా రాసుకుని కలపాలి. కాగితం అక్కర్లేదు, ఫోన్‌లో నోట్స్ చాలు.

రెండోది నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం. ప్రతి ముక్కకీ రెండు అంకెలు వేసుకోండి, మామూలుగా ఎంత పడుతుంది, బాగా ఆలస్యమైతే ఎంత పడుతుంది అని. యాప్‌లు ఎక్కువగా మొదటి అంకెనే చూపిస్తాయి. రైలో, ఇంటర్వ్యూనో, డాక్టర్ అపాయింట్‌మెంటో ఉన్న మనిషికి పనికొచ్చేది రెండో అంకె. ఊరికే స్నేహితుడి ఇంటికి వెళ్తుంటే మొదటిది చాలు.

మూడోది ఖర్చు. నాలుగోది, మధ్యలో ఏదైనా చెడితే ఇంకో దారి ఉందా లేదా అన్నది. మెట్రో స్టేషన్ దగ్గర ఆగిపోతే బయటికొచ్చి క్యాబ్ పట్టుకోవచ్చు. క్యాబ్‌లో ఫ్లైఓవర్ మీద ఇరుక్కుంటే దిగి నడవడానికి కూడా ఉండదు.

## రెండు యాప్‌లు ఒకే మాట చెబితే అది రెండు సాక్ష్యాలు కాదు

నేను ముందు తెలుసుకోవాల్సింది, ఆలస్యంగా తెలుసుకున్నది ఇదే. బస్సు 6:22కి వస్తుందని ఒక యాప్ చెప్పింది, డౌట్ వచ్చి ఇంకో యాప్ చూస్తే అదీ 6:22 అంది, సరే ఇద్దరూ ఒకటే అంటున్నారు కదా అని ధైర్యంగా వెళ్లాను. బస్సు రాలేదు.

ఎందుకంటే ఆ రెండూ చదివేది ఒకే ఫైల్. రవాణా సంస్థలు తమ టైమ్ టేబుల్‌ని బయటి యాప్‌లకి ఇవ్వడానికి ప్రపంచమంతా ఎక్కువగా వాడేది జీటీఎఫ్‌ఎస్ అనే పద్ధతి. 2005లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ రవాణా సంస్థ ట్రైమెట్, గూగుల్ కలిసి మొదలుపెట్టినది. చూడటానికి చాలా సాదా వ్యవహారం, కొన్ని టెక్స్ట్ ఫైళ్లు, అంతే. ఏ స్టాప్‌లో ఏ ట్రిప్పు ఎన్ని గంటలకి ఆగుతుందో `stop_times.txt` అనే ఫైల్లో వరసగా రాసి ఉంటుంది. మ్యాప్ యాప్‌లు దాన్నే తీసుకుని మనకి రంగుల్లో చూపిస్తాయి. సంస్థ ఆ ఫైల్‌ని మార్చడం మరిచిపోతే, సెలవు రోజున కూడా మామూలు రోజు బస్సులే అన్ని యాప్‌లలోనూ ఒకేలా, ఒకే తప్పుతో కనపడతాయి.

దీనికి తోడుగా రియల్‌టైమ్ భాగం ఒకటుంది. బండి ఇప్పుడు ఎక్కడుంది, ఎంత ఆలస్యం, ఏవైనా హెచ్చరికలు ఉన్నాయా అనేవి అందులో వస్తాయి. ఆ పద్ధతి పాటించేవాళ్లకి ఇచ్చిన సలహా ప్రకారం బండి ఉన్న చోటు, ఆలస్యం గురించిన సమాచారం 90 సెకన్ల కన్నా పాతది కాకూడదు. అన్ని సంస్థలూ ఈ భాగాన్ని ఇవ్వవు, ఇచ్చేవాటిలోనూ అన్ని బస్సులకీ ఉండదు. అందుకే "ఏ యాప్ మంచిది" అని అడిగే ముందు "ఈ అంకె ఎక్కణ్నుంచి వచ్చింది" అని అడగాలి. నిజంగా రెండో సాక్ష్యం కావాలంటే వేరే మూలం నుంచి తెచ్చుకోవాలి. బస్సు, మెట్రోలకైతే ఆ సంస్థ సొంత యాప్. రోడ్డు టైమ్‌కైతే మ్యాప్ ఒకటి, క్యాబ్ యాప్ ఒకటి.

## బస్సు: అంకె కాదు, బండి కదులుతోందా చూడండి

బస్సు టైమ్ మూడు రకాలుగా కనపడుతుంది. టైమ్ టేబుల్ టైమ్, జీపీఎస్‌తో బండి ఉన్న చోటు, ఆ రెంటినీ కలిపి లెక్కగట్టిన రాక సమయం. తెర మీద మూడూ "9 నిమిషాలు" అనే ఒకే రూపంలో కనపడటమే చిక్కు. కొన్ని యాప్‌లు నిజంగా ట్రాక్ అవుతున్న బస్సు పక్కన చిన్న సిగ్నల్ గుర్తు పెడతాయి, లేదా రంగు మారుస్తాయి. ఆ గుర్తు లేకపోతే అది కాగితం మీద టైమే అనుకోండి.

గుర్తు ఉన్నా నేను ఒక పరీక్ష పెడతాను, దానికి రెండు నిమిషాలు పడుతుంది. ఇంట్లో చెప్పులు వేసుకుంటూ చేసేయొచ్చు. యాప్‌లో బస్సు ఎన్ని స్టాప్‌ల అవతల ఉందో, ఎన్ని నిమిషాలు అంటోందో రెండూ చూసుకోండి. మొన్న నేను చూసినప్పుడు 6 స్టాప్‌లు, 9 నిమిషాలు అని ఉంది. రెండు నిమిషాలాగి మళ్లీ చూశాను. నిమిషాలు 7కి తగ్గాయి, బస్సు బొమ్మ మాత్రం అదే 6 స్టాప్‌ల అవతల, అదే మూల మలుపు దగ్గర ఉంది. అంటే ఆ 7 అనేది బండిని చూసి చెప్పింది కాదు, గడియారాన్ని చూసి చెప్పింది. ఇలాంటివే చివరికి 2, 1, 0 అని లెక్కపెట్టి, బస్సు రాకుండానే తెర మీద నుంచి మాయమవుతాయి. అదే 6 స్టాప్‌లు 5 అయి, 9 నిమిషాలు 8 దగ్గరే ఆగితే సంతోషించండి. అది ట్రాఫిక్‌లో ఉందని యాప్‌కి నిజంగా తెలుసు. కదులుతూ ఆలస్యమయ్యే అంకె, కదలకుండా తగ్గిపోయే అంకె కన్నా వంద రెట్లు నయం. అయితే బస్సు మొదటి స్టాప్‌లో ఉంటే ఈ పరీక్ష పనికిరాదు, డ్రైవర్ టైమ్ కోసం అక్కడ ఆగి ఉండొచ్చు.

ఇక ఎదురుచూపు. "ప్రతి 10 నిమిషాలకీ బస్సు" అంటే సగటున 5 నిమిషాలు నిలబడాలి అనుకుంటాం. బస్సులు సరిగ్గా 10 నిమిషాల తేడాతో వస్తే అది నిజమే. కానీ ఒక బస్సు కాస్త ఆలస్యమైతే స్టాప్‌లో జనం పెరుగుతారు, ఎక్కించుకోవడానికి ఇంకాస్త ఆలస్యమవుతుంది, వెనక వచ్చే బస్సుకి జనం తక్కువై అది ముందుదాన్ని అందుకుంటుంది. అలా రెండూ జంటగా వస్తాయి. 20 నిమిషాల్లో రెండు బస్సులు వచ్చాయి కానీ ఒక ఖాళీ 18 నిమిషాలు, ఇంకోటి 2 నిమిషాలు అనుకోండి. మీరు ఎప్పుడు వెళ్లినా ఆ పెద్ద ఖాళీలో పడే అవకాశం 10లో 9 వంతులు. లెక్కగడితే సగటు ఎదురుచూపు 5 కాదు, 8.2 నిమిషాలు. టైమ్ టేబుల్ తప్పలేదు, బస్సుల సంఖ్య తగ్గలేదు, అయినా మీరు అన్ని నిమిషాలు నిలబడ్డారు. అందుకే బస్సుకి ఆలస్యపు అంకె వేసేటప్పుడు రెండు బస్సుల మధ్య చెప్పిన తేడాకి దాదాపు రెట్టింపు వేసుకుంటాను.

జంటగా వస్తున్నట్టు లైవ్ మ్యాప్‌లో కనపడితే రెండో బస్సు ఎక్కండి, ఖాళీగా ఉంటుంది. అర నిమిషం తేడాకి మొదటిదాంట్లో వేలాడక్కర్లేదు.

## మెట్రో: రైలు నమ్మకమైనదే, స్టేషనే లెక్కలోకి రాదు

మెట్రోకి సొంత దారి ఉంది కాబట్టి రెండు స్టేషన్ల మధ్య ప్రయాణం టైమ్ ఈరోజైనా రేపైనా దాదాపు ఒకటే. మీ ప్రయాణం మొత్తంలో నిజంగా నమ్మదగిన అంకె ఏదైనా ఉంటే అది ఇదే. ఏ యాప్‌లో చూసినా పెద్ద తేడా ఉండదు.

తేడా అంతా రైలుకి ముందు, రైలు తర్వాత. మ్యాప్‌లో స్టేషన్ అంటే ఒక చుక్క. నిజంలో దానికి నాలుగైదు గేట్లు ఉంటాయి, గేటు తర్వాత మెట్లు, టికెట్ వరస, కొన్నిచోట్ల బ్యాగు తనిఖీ, మళ్లీ మెట్లు. స్టేషన్ లోపలి దారుల్ని యాప్‌లకి చెప్పడానికి జీటీఎఫ్‌ఎస్‌లో `pathways.txt` అని ఒక ఫైల్ ఉంది కానీ అది పెట్టడం తప్పనిసరి కాదు, పెట్టని సంస్థలు చాలా. కాబట్టి గేటు నుంచి ప్లాట్‌ఫామ్‌కి పట్టే టైమ్ మీరే ఒకసారి చూసుకోవాలి. నేను మా స్టేషన్‌లో ఫోన్ స్టాప్‌వాచ్ పెట్టి చూశాను, ఖాళీగా ఉన్నప్పుడు 4 నిమిషాలు, సాయంత్రం జనంలో 8. ఒక్కసారి కొలుచుకుంటే ఏడాది పొడవునా పనికొస్తుంది.

లైన్ మారే స్టేషన్ ఇంకా జాగ్రత్తగా చూడాలి. మ్యాప్ 4 నిమిషాలు అంటే, వంతెన మీద జనం నెమ్మదిగా నడిచే వేళ అది 6 అవుతుంది. ఆ రెండు నిమిషాల్లో ఒక రైలు వెళ్లిపోతే తర్వాతి రైలు కోసం ఇంకో మూడు. మారడం ఒక్కటే ఉంటే ఫర్వాలేదు, రెండుసార్లు మారాలంటే మెట్రోకి ఉన్న నమ్మకం సగం పోతుంది. యాప్‌లో "తక్కువ మార్పులు" అని ఎంచుకునే వీలుంటే దాన్ని నొక్కండి. నాలుగు నిమిషాలు ఎక్కువైనా నేరుగా వెళ్లే రైలే మంచిది.

సర్వీసు ఆగిందా, ఏదైనా పని వల్ల రైళ్లు తగ్గించారా అనే కబురుకి మాత్రం మెట్రో సంస్థ సొంత యాప్‌నో, వాళ్ల అధికారిక సోషల్ మీడియా ఖాతానో చూడాలి. ఆ కబురు ముందు పుట్టేది అక్కడే, మ్యాప్‌లలోకి తర్వాత వస్తుంది, ఒక్కోసారి రాదు కూడా.

## క్యాబ్: బుక్ చేయకముందు అంకె వేరు, చేశాక అంకె వేరు

క్యాబ్ యాప్ తెరవగానే "4 నిమిషాల్లో" అని కనపడుతుంది. అది మీ క్యాబ్ టైమ్ కాదు, ఎందుకంటే మీకింకా క్యాబ్ లేదు. దగ్గర్లో తిరుగుతున్న బండ్లను బట్టి వేసిన అంచనా అది. అందులో ఎవరు మీ ట్రిప్పు ఒప్పుకుంటారో, ఒప్పుకున్నవాళ్లు మీ రోడ్డుకి ఏ వైపున ఉన్నారో, ముందు ట్రిప్పు ఇంకా దించాల్సి ఉందో తెలియదు. బుక్ చేశాక వచ్చే అంకెకే విలువ. దాన్ని కూడా బస్సులాగే పరీక్షించొచ్చు. మ్యాప్‌లో బండి బొమ్మ మీ వైపే వస్తోందా, మూడు నిమిషాలైనా కదలడం లేదా, అసలు అవతలి వైపుకి వెళ్తోందా అని. మూడు నిమిషాలు కదలకపోతే ఒకసారి ఫోన్ చేయండి. ట్రాఫిక్‌లో ఉన్నాను అంటే ఆగండి, జవాబు రాకపోతే టైమ్ వృథా చేయకండి. క్యాన్సిల్ చేసే ముందు దానికి చార్జీ పడుతుందేమో యాప్‌లో చూసుకోండి.

పికప్ పిన్ దగ్గర చాలామంది నష్టపోతారు. ఇంట్లో, పెద్ద భవనాల మధ్య జీపీఎస్ కొన్ని పదుల మీటర్లు పక్కకి చూపిస్తుంది. మధ్యలో డివైడర్ ఉన్న రోడ్డయితే ఆ పక్క అంటే అవతలి వైపు. బండి యూ టర్న్ తీసుకుని రావడానికి 6 నిమిషాలు పోతాయి. పిన్‌ని వేలితో జరిపి, మీరు వెళ్లే దిశలో ఉన్న వైపున పెట్టండి. అవసరమైతే మీరే రోడ్డు దాటి నిలబడండి.

రోడ్డు టైమ్‌కి క్యాబ్ యాప్‌నీ మ్యాప్ యాప్‌నీ రెండూ చూసి, పెద్ద అంకె తీసుకుంటాను. ఇంకో మంచి పద్ధతి ఉంది. గూగుల్ మ్యాప్స్‌లో కారు దారి పెట్టి `Depart at` లో మీరు బయల్దేరే టైమ్ ఇస్తే ఒక్క అంకె బదులు "35 నిమిషాల నుంచి గంట" లాంటి శ్రేణి చూపిస్తుంది. అది ఆ రోజు, ఆ వేళకి గతంలో ఉన్న ట్రాఫిక్ నుంచి వచ్చేది. ఆ రెండో చివరే మీ ఆలస్యపు అంకె. ఇప్పుడు వాన మొదలైందనో, ముందు చౌరస్తాలో బండి ఆగిపోయిందనో అందులో ఉండదు, దానికి ఇప్పటి ట్రాఫిక్ రంగులు చూడాలి.

రేటు సంగతికొస్తే, మ్యాప్ యాప్‌లో పక్కన కనపడే క్యాబ్ రేటు అంచనా మాత్రమే, దాన్ని చూసి నిర్ణయం తీసుకోకండి. రెండు క్యాబ్ యాప్‌లను ఒకే నిమిషంలో తెరిచి, ఒకే పిన్, ఒకే రకం బండి పెట్టి చూడండి. పది నిమిషాల క్రితం చూసిన రేటుతో ఇప్పటి రేటుని పోల్చడం తప్పు, డిమాండ్‌ని బట్టి అది మారుతూనే ఉంటుంది. టోల్ కలిపారా, ఎదురుచూసినందుకు చార్జీ ఉందా అన్నది రేటు మీద నొక్కితే కనపడుతుంది. తక్కువ రేటు చూపించిన యాప్‌లో బండి దొరక్కుండా "వెతుకుతున్నాం" అని తిరుగుతూనే ఉంటే ఆ తక్కువ రేటుకి అర్థం లేదు. నేను 3 నిమిషాలు గడువు పెట్టుకుంటాను, ఈలోగా ఎవరూ ఒప్పుకోకపోతే రెండో యాప్. రెండింట్లోనూ ఒకేసారి బుక్ చేసి ముందొచ్చింది ఎక్కడం మాత్రం వద్దు, అవతల ఒక డ్రైవర్ పెట్రోలు, టైమ్ రెండూ పోతాయి.

## ఏ ముక్కకి ఏ యాప్

| ప్రయాణంలో ముక్క | ఎవరి మాట వినాలి | ఎప్పుడు నమ్మకూడదు |
|---|---|---|
| నడక | మ్యాప్ యాప్ | స్టేషన్ చుక్క దాకా చూపించి గేటు చెప్పనప్పుడు |
| బస్సు రాక | బస్సు సంస్థ లైవ్ యాప్ | నిమిషాలు తగ్గుతూ బండి కదలనప్పుడు |
| మెట్రో ప్రయాణం | ఏదైనా | హెచ్చరిక ఉన్న రోజు, సెలవు రోజు |
| గేటు నుంచి ప్లాట్‌ఫామ్, లైన్ మార్పు | మీరు స్వయంగా కొలిచింది | రద్దీ వేళ కొలవనిదైతే |
| క్యాబ్ రాక | బుక్ చేశాక క్యాబ్ యాప్ | బుక్ చేయకముందు |
| రోడ్డు టైమ్ | మ్యాప్ శ్రేణిలో పెద్ద అంకె | వాన, ప్రమాదం అప్పుడే జరిగినప్పుడు |
| క్యాబ్ రేటు | క్యాబ్ యాప్, ఆ నిమిషంలో | మ్యాప్‌లో పక్కన చూపినది |

చూసే వరస కూడా ముఖ్యమే. ముందు మ్యాప్‌లో `Arrive by` పెట్టి దారులు చూడాలి, తర్వాత మెట్రో హెచ్చరికలు, తర్వాత బస్సు లైవ్, ఆఖరున క్యాబ్‌లు. త్వరగా పాతబడేది ఆఖరున చూడాలి, లేకపోతే మిగతావి చూసేలోగా క్యాబ్ రేటు మారిపోయి ఉంటుంది.

## ఇప్పుడు ఆ 7:30 రైలు

ముక్కలు విడదీసి చూద్దాం. నా చేతిలో 6:05 నుంచి 7:15 దాకా, అంటే 70 నిమిషాలు ఉన్నాయి.

క్యాబ్: దొరకడానికి 3, రావడానికి 7, రోడ్డు మీద 38, స్టేషన్ ముందు బండ్ల వరసలో దిగడానికి 2. మొత్తం 50. ఒక డ్రైవర్ క్యాన్సిల్ చేస్తే దొరకడానికి 12, రావడానికి 11, రోడ్డు శ్రేణిలో పెద్ద చివర 60, దిగడానికి 5. మొత్తం 88.

మెట్రో: గేటు దాకా నడక 11, లోపలికి 4, ఎదురుచూపు 3, మొదటి రైలు 17, లైన్ మారి రెండోది ఎక్కడానికి 6, రెండో రైలు 8, బయటికొచ్చి నడవడానికి 5. మొత్తం 54. మ్యాప్ చెప్పిన 46కి, దీనికి ఉన్న 8 నిమిషాల తేడా అంతా గేట్లు, మెట్లు, వంతెనలదే. ఆలస్యపు లెక్కలో 12, 8, 6, 17, 9, 8, 7. మొత్తం 67.

బస్సు: నడక 4, ఎదురుచూపు 8, ప్రయాణం 45, నడక 3. మొత్తం 60. ఆలస్యమైతే ఎదురుచూపు 18, ప్రయాణం 65, మొత్తం 90.

| | యాప్ చూపింది | మామూలుగా | ఆలస్యమైతే |
|---|---|---|---|
| క్యాబ్ | 38 | 50 | 88 |
| మెట్రో | 46 | 54 | 67 |
| బస్సు | 52 | 60 | 90 |

మధ్య వరస మాత్రమే చూస్తే క్యాబ్‌దే పైచేయి, నాలుగు నిమిషాలు ముందు చేరుస్తుంది. ఆఖరి వరస చూస్తే 70 నిమిషాల్లో పట్టేది మెట్రో ఒక్కటే. నాలుగు నిమిషాలు మిగుల్చుకోవడానికి రైలు తప్పే ప్రమాదం ఎందుకు తెచ్చుకోవాలి, పైగా ఎక్కువ డబ్బు పెట్టి? అందుకే మెట్రో. క్యాబ్‌లోనే వెళ్లాలని పట్టుదల ఉంటే 5:45కే బయల్దేరి ఉండాలి.

ఇదే లెక్కతో కలిపి వెళ్లడం కూడా చూశాను, ఇంటి నుంచి మెట్రో గేటు దాకా క్యాబ్, అక్కడ్నుంచి రైలు. 11 నిమిషాల నడక తప్పుతుంది కానీ క్యాబ్ దొరికి రావడానికే 10 నిమిషాలు పోతున్నాయి. లాభం లేదు. మెట్రో గేటు 3, 4 కిలోమీటర్ల దూరంలో ఉంటే మాత్రం ఈ పద్ధతి చాలా బాగుంటుంది. క్యాబ్ ఆలస్యమైనా చిన్న ముక్కే కాబట్టి నష్టం చిన్నదే, రద్దీగా ఉండే పెద్ద రోడ్డంతా రైలు దాటిస్తుంది.

## మీరు ఎవరన్నదాన్ని బట్టి

ఒక్కరే, చిన్న బ్యాగుతో, టైమ్ ఖచ్చితంగా కావాల్సినవాళ్లకి పైన చెప్పిందే జవాబు. నలుగురు కలిసి వెళ్తుంటే ఖర్చు లెక్క మారిపోతుంది, ఎందుకంటే మెట్రో టికెట్ నలుగురికీ నాలుగుసార్లు పడుతుంది, క్యాబ్ ఒకసారే పడుతుంది. మొత్తం రేటుని కాకుండా తలకెంత అని పోల్చండి. చాలాసార్లు క్యాబ్ అనుకున్నంత ఖరీదుగా ఉండదు. అప్పుడు ముందే బయల్దేరి క్యాబ్ తీసుకోవడం తెలివైన పని.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే నేను మెట్రోలో ముందు అడిగేది లిఫ్ట్ ఏ గేటు దగ్గర ఉంది, పనిచేస్తోందా అని. చాలా మ్యాప్‌లలో చక్రాల కుర్చీకి వీలైన దారి అని ఎంపిక ఉంటుంది, కానీ లిఫ్ట్ ఈరోజు చెడిపోయిందని దానికి తెలియకపోవచ్చు. స్టేషన్‌కి ఫోన్ చేసి కనుక్కోండి. అది తేలకపోతే క్యాబే మంచిది, ఆలస్యమైనా కూర్చుని ఆలస్యమవుతారు. అమ్మని తీసుకెళ్లినప్పుడు 6 నిమిషాలు మిగులుతాయని మెట్రో ఎంచుకున్నాను, లిఫ్ట్ లేని గేటు దగ్గర దిగాం, అమ్మ ఆ మెట్లు ఎక్కలేక మధ్యలో రెండుసార్లు కూర్చుంది. ఆ రోజు తర్వాత గేటు నంబరు చూడకుండా అమ్మని మెట్రో ఎక్కించలేదు.

రోజూ ఒకే దారిలో వెళ్లేవాళ్లకి బస్సు మీద ఇంకాస్త నమ్మకం పెట్టుకోవచ్చు, కానీ ముందు ఒక పని చేయండి. పది ట్రిప్పుల పాటు స్టాప్‌కి చేరగానే యాప్ చెప్పిన నిమిషాలు, నిజంగా బస్సు వచ్చిన నిమిషాలు పక్కపక్కన రాసుకోండి. 5 అని చెప్పి 7కి వచ్చింది, 8 అని చెప్పి 8కే వచ్చింది, 6 అని చెప్పి రానేలేదు, ఇలా. తేడా ఎప్పుడూ రెండు మూడు నిమిషాలే అయితే ఆ రూట్‌కి ఆ యాప్ పనికొస్తుంది, మీరే ఆ మూడు కలుపుకుని వాడుకోండి. పదిలో రెండు మూడు బస్సులు అసలు రాకపోతే ఆ రూట్‌కి ఆ యాప్ వద్దు, యాప్ ఎంత పేరున్నదైనా సరే. పక్క రూట్‌లో అదే యాప్ బాగా పనిచేయొచ్చు, ఎందుకంటే నమ్మకం రూట్‌ని బట్టి వస్తుంది, ఆ బస్సులో జీపీఎస్ పెట్టె పనిచేస్తుందా లేదా అన్నదాన్ని బట్టి వస్తుంది.

## తిరిగొచ్చేటప్పుడు లెక్క మళ్లీ మొదటి నుంచి

సాయంత్రం మెట్రో గెలిచిందని రాత్రి కూడా అదే అనుకోకండి. మొన్న నేను తిరిగొచ్చింది రాత్రి 10:40కి. రోడ్డు టైమ్ 38 నుంచి 22కి పడిపోయింది. మెట్రో రైళ్ల మధ్య తేడా 12 నిమిషాలైంది, లైన్ మారేచోట ఇంకో 12 కోసం చూడాల్సి రావొచ్చు. ఆలస్యపు లెక్కలో క్యాబ్ 40, మెట్రో 75. పూర్తిగా తిరగబడింది.

రాత్రి మెట్రోకి ఇంకో చిక్కుంది. చివరి రైలు ఎన్నింటికి అని చూసినప్పుడు చాలామంది తాము ఎక్కే స్టేషన్ టైమే చూస్తారు. చూడాల్సింది లైన్ మారే స్టేషన్‌లో రెండో లైన్ చివరి రైలు టైమ్. మొదటిది దొరికి రెండోది వెళ్లిపోతే మధ్యలో దిక్కుతోచదు. మ్యాప్‌లో `Last` అనే ఎంపిక ఉంటే అది ఈ రెండూ కలిపి చూపిస్తుంది, అయినా మెట్రో సంస్థ యాప్‌లో ఒకసారి సరిచూసుకోండి. ఆ రాత్రి నేను ప్లాట్‌ఫామ్ దిగే ముందే రెండు క్యాబ్ యాప్‌లు చూశాను, స్టేషన్ ముందు గుంపులో రేటు ఎక్కువగా ఉంది. రోడ్డు దాటి రెండు వందల మీటర్లు నడిచి, వెలుతురు బాగా ఉన్న షాపుల ముందు పిన్ పెట్టి మళ్లీ చూస్తే రేటు తగ్గింది, బండి కూడా యూ టర్న్ లేకుండా నేరుగా వచ్చింది. 11:15కి ఇంట్లో ఉన్నాను.